ఉదయగిరి గరిటెల దుకాణం: సెలవు రోజుల ఆటో రిప్లై తిరగరాసిన డైరీ

మాది ఉదయగిరిలో చెక్క గరిటెలు, స్పూన్లు, అట్లకాడలు చేయించి అమ్మే చిన్న దుకాణం. చేతిపని. వాట్సాప్‌లో వచ్చే ఆర్డర్లు వేరు, మెయిల్‌లో వచ్చేవి వేరు. మెయిల్‌లో రాసేవాళ్లు ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరు, అమెరికాల్లో ఉండే తెలుగువాళ్లు. ఆ మెయిల్స్ చూసేది నేను. పండగలకు పని ఆపినప్పుడు దానంతట అదే వెళ్లే జవాబును దసరా తర్వాత మొదలుపెట్టి సంక్రాంతి దాకా నాలుగుసార్లు తిరగరాశాను. ఏది ఎందుకు మార్చానో ఇక్కడ వరసగా రాస్తున్నాను. జీమెయిల్ వాడే చిన్న దుకాణం ఎవరిదైనా ఇందులోంచి కావలసింది తీసుకోవచ్చు.

దశ 1: పాతదాంతో జరిగిన నష్టం

దసరాకు ఐదు రోజులు మూసినప్పుడు వెళ్లిన జవాబు ఇది:

> ప్రియమైన కస్టమర్, మీ ఈమెయిల్‌కు ధన్యవాదాలు. మేము ప్రస్తుతం కార్యాలయంలో అందుబాటులో లేము. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. వీలైనంత త్వరలో మిమ్మల్ని సంప్రదిస్తాము.

మొత్తం 17 మాటలు. ఎప్పుడు జవాబిస్తామో లేదు, ఈలోగా ఏం చేయాలో లేదు. పెళ్లికి 150 గరిటెలు కావాలని రాసిన ఒకావిడ ఇది చూసి రెండు రోజులు ఆగి, ఇంకోచోట ఆర్డరు ఇచ్చేశారు. తర్వాత ఫోన్ చేస్తే, "మీరు ఉన్నారో లేరో, ఎప్పుడొస్తారో తెలియలేదండీ" అన్నారు. ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు.

కొత్తది రాయడానికి ముందు ఆ ఐదు రోజుల మెయిల్స్ అన్నీ తెరిచి కాగితం మీద గీతలు పెట్టుకుంటూ లెక్కేశాను. 32 మంది రాశారు, మెయిల్స్ మాత్రం 41. మిగతా 9 రెండోసారి రాసినవి, అన్నీ "ఏమైందండీ?" అనే. ఎవరు దేనికి రాశారంటే:

1. నా పార్సిల్ ఎక్కడుంది: 14 మంది
2. ధర, ఏ చెక్క, ఎలా కడగాలి: 9 మంది
3. పెళ్లికి, గృహప్రవేశానికి ఎక్కువ మొత్తంలో కావాలి: 6 మంది
4. విరిగి వచ్చింది: 3

ఈ లెక్క లేకుండా రాసి ఉంటే ధరల పట్టికను పైన పెట్టేవాణ్ని. అందరూ ధరే అడుగుతారని నా మనసులో గట్టిగా ఉండేది.

*ఇప్పటికి: పని 3 గంటలు. జవాబు 17 మాటలు.*

దశ 2: అన్నీ కుక్కిన మొదటి ప్రయత్నం

నాలుగు రకాలవాళ్లకూ సమాధానం ఇవ్వాలని 148 మాటలు రాశాను. గరిటె నీళ్లలో నానబెట్టొద్దు, కడిగి నీడలో ఆరబెట్టాలి, నెలకోసారి కాస్త నూనె రాయాలి అన్న జాగ్రత్తలు కూడా అందులోనే పెట్టాను. లింకులు ఐదు.

నా సొంత మెయిల్ నుంచి దుకాణానికి రాసి, వచ్చిన జవాబును ప్యాకింగ్ చేసే అక్కకు ఫోన్‌లో చూపించాను. వేలితో మూడుసార్లు పైకి జరిపి, "ఇదంతా చదివి నేను యాడ నొక్కాల?" అంది. ఫోన్ పక్కన పెట్టేసి మళ్లీ టేపు అంటించుకుంది.

అదే టెస్టులో ఇంకో సంగతి కనిపించింది. ఇన్‌బాక్స్‌లో మెయిల్ తెరవకముందు కనిపించే ఒక్క లైనులో "ప్రియమైన కస్టమర్, మీ ఈమెయిల్‌కు ధన్యవాదాలు" అని మాత్రమే ఉంది. అన్నిటికన్నా ముందు చూసే చోటును ఏమీ చెప్పని వాక్యంతో నింపేశాం. అక్కడ ఉండాల్సింది జవాబు వచ్చే తేదీ.

మార్చినవి:

1. తేదీ రెండో వాక్యంలోకి వచ్చింది. దానికి ముందు నమస్తే, మెయిల్ అందిందన్న మాట తప్ప ఏదీ లేదు.
2. గరిటె జాగ్రత్తలు తీసేశాను. అవి పార్సిల్ పెట్టెలో వేసే చీటీ మీద ఇప్పటికే ఉన్నాయి.
3. ధర, చెక్క అడిగినవాళ్లకు విడిగా ఏమీ చెప్పలేదు. ఆ 9 మందిలో ఎవరికీ తొందర లేదు. తేదీ తెలిస్తే ఆగగలరు.

మూడోది నాకు కష్టంగానే అనిపించింది. నర్ది చెక్కకూ కలివి చెక్కకూ తేడా అడిగినవాళ్లకు చెప్పడమంటే నాకు ఇష్టం. కానీ అది మనిషి రాయాల్సిన జవాబు.

*ఇప్పటికి: పని 5 గంటలు. 17 → 148 → 80 మాటలు.*

దశ 3: అది మా గొంతేనా

80 మాటలది దుకాణం యజమాని అక్కకు పంపాను. "సమాచారం బాగుంది గానీ, ఇది బ్యాంకు నుంచి వచ్చినట్టుందిరా" అని రాసింది. మా గొంతు ఎలా ఉంటుందో ఊహించడం ఎందుకని సెంట్ ఫోల్డర్ తెరిచి, మేం కస్టమర్లకు చేత్తో రాసిన ఇరవై మెయిల్స్ చదివాను. "అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని ఒక్కదాంట్లోనూ లేదు. పార్సిల్ ఆలస్యమైన రోజున కూడా "ఆలస్యమైంది, తప్పు మాదే" అనే రాశాం. అలా పోల్చుకుంటూ మార్చినవి:

- "మీ ఈమెయిల్‌కు ధన్యవాదాలు" పోయి "మీ మెయిల్ అందింది" వచ్చింది.
- "కార్యాలయంలో అందుబాటులో లేము" బదులు "పని ఆపాం".
- "సంప్రదిస్తాము" బదులు "చదివి జవాబు రాస్తాం".
- "ప్రియమైన కస్టమర్" బదులు "నమస్తే అండీ".

ఇక్కడితో ఆగాల్సింది. మా గొంతు వెచ్చగా ఉంటుంది కదా అని, "మేమంతా పండక్కి అరిసెలు తింటూ ఉంటాం, మీరూ హాయిగా గడపండి" అని ఒక వాక్యం చేర్చాను. చెక్క కోసే పెద్దాయన అక్కడే కూర్చుని వింటున్నాడు. "సరుకు ఇరిగొచ్చినోడికి కూడా ఇదే పోతదా?" అని అడిగాడు. అవునన్నాను. "అట్టయితే వాడికి అరిసెల సంగతి దేనికబ్బయా?" అన్నాడు.

మామూలు మెయిల్ రాసేటప్పుడు అవతలివాళ్లు ఏ బాధలో ఉన్నారో చదివే రాస్తాం. ఆటో రిప్లై ఏదీ చదవకుండానే వెళ్తుంది. సంతోషంగా రాసినవాళ్లకూ, విరిగిన గరిటె చేతిలో పట్టుకుని కోపంగా రాసినవాళ్లకూ అవే మాటలు. అందుకని ఆ రోజు నుంచి ఏ వాక్యం రాసినా ముందు విరిగిన గరిటె మనిషి కళ్లతో చదువుతున్నాను. అక్కడ నిలిస్తే ఎక్కడైనా నిలుస్తుంది. అరిసెల వాక్యం తీసేశాను.

ఇంకొకటి పొరపాటున దొరికింది. జీమెయిల్‌లో మీకు సిగ్నేచర్ ఉంటే, ఆటో రిప్లై కింద కూడా అది వచ్చి చేరుతుంది. మా సిగ్నేచర్: "ఈరోజే ఆర్డరు చేయండి, రేపే పంపిస్తాం!" పైన పని ఆపామని, కింద రేపే పంపిస్తామని. దసరాకి 32 మందికీ అలాగే వెళ్లింది. ఇప్పుడు సిగ్నేచర్‌లో దుకాణం పేరు, ఊరు మాత్రమే ఉంచాను.

*ఇప్పటికి: పని 8 గంటలు. 62 మాటలు.*

దశ 4: "అత్యవసరమైతే ఫోన్ చేయండి"

నవంబరులో ఇంట్లో శుభకార్యానికి రెండు రోజులు మూశాం. టెస్టుకు సరిపోతుందని కొత్త జవాబు పెట్టి, చివర "అత్యవసరమైతే ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని యజమాని అక్క నంబరు ఇచ్చాను.

రెండు రోజుల్లో 19 కాల్స్ వచ్చాయి. ఆగలేని పని 2 కాల్స్‌దే. అక్క పీటల దగ్గర కూర్చుని ఫోన్ ఎత్తుతూనే ఉంది. ఫోన్ చేసినవాళ్లను తప్పు పట్టలేం, ఎవరి పార్సిల్ వాళ్లకు అత్యవసరమే. ఏది అత్యవసరమో చెప్పకపోవడం నా తప్పు.

అప్పుడు నాలుగు రకాలనూ మళ్లీ ముందేసుకుని ఒకే ప్రశ్న వేసుకున్నాను: మేం లేకుండా వీళ్లు ఇప్పుడే చేసుకోగల పని ఏముంది?

పార్సిల్ వెతికేవాళ్లకు ఉంది. మేం పంపేది స్పీడ్ పోస్ట్‌లో. E తో మొదలై IN తో ముగిసే 13 అక్షరాల నంబరును ఇండియా పోస్ట్ సైట్‌లో వేస్తే ఎక్కడుందో తెలుస్తుంది. ఆ నంబరు మేం ప్రతి ఒక్కరికీ మెయిల్ చేస్తాం. మరి 14 మంది ఎందుకు అడిగారు? మేం నంబరు పంపిన మెయిల్స్ తీసి చూస్తే అన్నిటికీ సబ్జెక్టు "థాంక్యూ!" అని ఉంది. నంబరు కోసం వెతికేవాళ్లకు "థాంక్యూ" అని వెతకాలని ఎలా తడుతుంది? జనవరి 5 నుంచి ఆ సబ్జెక్టును "స్పీడ్ పోస్ట్ నంబరు" అని మార్చాను. ఆటో రిప్లై బాగుచేయడానికి కూర్చుని ఇంకో మెయిల్‌ను బాగుచేయాల్సి వచ్చింది. ఇది చేయకపోతే "మీ నంబరు చూసుకోండి" అని ఎంత బాగా చెప్పినా ఉపయోగం లేదు.

విరిగి వచ్చినవాళ్లకూ ఉంది. మేం తిరిగి వచ్చాక మొదట అడిగేది ఫొటోనే, అప్పటికి వాళ్లు పెట్టె పారేసి ఉంటారు. పెట్టె నలిగిందా, లోపల కాగితం తక్కువైందా అన్నది పెట్టె చూస్తేనే తెలుస్తుంది. కాబట్టి ఫొటో ఇప్పుడే తీయమని చెప్పాలి.

నిజంగా మనిషి చూడాల్సింది పెళ్లి ఆర్డరు ఒక్కటే. చేత్తో రెండొందల గరిటెలు చేయడానికి మాకు నెల దగ్గర పడుతుంది, ఐదు రోజులు పోతే ఆర్డరే పోవచ్చు. వాటిని వేరు చేయడానికి మొదట "సబ్జెక్టులో పెళ్లి అని రాయండి" అని చెప్పి, ఫిల్టర్ ఇలా పెట్టాను:

```
subject:(పెళ్లి OR పెళ్ళి OR pelli OR marriage)
```

ఒకరు పెళ్లి అంటారు, ఒకరు పెళ్ళి అని రాస్తారు, ఇంకొకరు పెండ్లి, వివాహం, wedding. స్నేహితుల చేత పది మెయిల్స్ రాయించి చూస్తే మూడు తప్పించుకున్నాయి. మాటలు చేర్చుకుంటూ పోవడం ఆపి దారి మార్చాను. జీమెయిల్‌లో మీ అడ్రసులో @ కి ముందు ప్లస్ గుర్తు పెట్టి ఏ మాట చేర్చినా ఆ మెయిల్ మీకే వస్తుంది. కొత్త అకౌంట్ అక్కర్లేదు. ఫిల్టర్ ఇప్పుడు ఇంతే, example.com చోట మీది వేసుకోండి:

```
to:(shop+pelli@example.com)
```

దీనికి "పెళ్లి" అనే లేబుల్ ఇచ్చాను. రోజూ సాయంత్రం ఆరింటికి ఆ లేబుల్ ఒక్కటే తెరిచి చూడడం నా పని. ఫోన్ నంబరు తీసేశాం.

ఇందులో ఒక లోటు ఉంది. జీమెయిల్ ఒకే మనిషికి ఆటో రిప్లై మామూలుగా ఒక్కసారే పంపుతుంది, నాలుగు రోజులు దాటాక మళ్లీ రాస్తేనే ఇంకోసారి వెళ్తుంది. మొదటి మెయిల్‌కు జవాబు అందుకున్న మనిషి వెంటనే పెళ్లి అడ్రసుకు రాస్తే, రెండోసారి ఏ జవాబూ వెళ్లదు. అందుకే "ఆరింటికి చూస్తాం" అని ముందే చెప్పాల్సి వచ్చింది.

*ఇప్పటికి: పని 13 గంటలు. 71 మాటలు.*

దశ 5: తేదీలు

ముందు "14/01 నుంచి 18/01" అని రాశాను. న్యూజెర్సీలో ఉండే మా పాత కస్టమర్ ఒకాయన చదివి, "14 సరే, నెలల్లో 14 లేదు కాబట్టి అర్థమైంది. రేపు 05/04 అని రాస్తే ఇక్కడివాళ్లు మే 4 అనుకుంటారు" అని చెప్పారు. ఇకనుంచి నెలను అక్షరాల్లోనే రాస్తాను. సాయంత్రం అన్నచోట ఇండియా టైమ్ అని కూడా చేర్చాను.

రెండో మార్పు నాకు ఎక్కువ పనికొచ్చింది. దసరాకి ఎవరైనా అడిగితే దుకాణం తెరిచే తేదీ చెప్పేవాళ్లం. తెరిచిన రోజు 41 మెయిల్స్ ఎదురుగా ఉన్నాయి, అన్నిటికీ రాసేసరికి రెండున్నర రోజులు పట్టింది. అవతలివాళ్లకు కావలసింది మేం తాళం తీసే రోజు కాదు, వాళ్లకు జవాబు అందే రోజు. సంక్రాంతికి జనవరి 19, సోమవారం తెరుస్తాం. జవాబులో మాత్రం 20, మంగళవారం సాయంత్రం అని రాశాను.

పెట్టే పద్ధతి:

1. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి `See all settings`, అందులో `General`, కింది వరకు వెళ్తే `Vacation responder`.
2. `First day` ఆ రోజు అర్ధరాత్రి 12కి మొదలవుతుంది. మేం 13 సాయంత్రం ఆరింటికి మూస్తాం, 14 అని పెడితే మధ్యలో ఆరు గంటలు ఖాళీ. 13 సాయంత్రం వెళ్లేముందు కూర్చుని, `First day` 13 అనే పెట్టి ఆన్ చేశాను.
3. `Last day` టిక్ పెట్టి 18 వేశాను. అది రాత్రి 11:59కి ఆగుతుంది. దసరాకి ఈ టిక్ పెట్టలేదు. తెరిచాక రెండు రోజుల దాకా "అందుబాటులో లేము" అని వెళ్తూనే ఉంది.
4. `Subject` ఖాళీగా వదిలాను. వాళ్లు రాసిన సబ్జెక్టుతోనే జవాబు వెళ్తే, ఏ మెయిల్‌కు వచ్చిందో వాళ్లకు తెలుస్తుంది.
5. `Only send a response to people in my Contacts` టిక్ తీసి ఉంచాలి. అది ఉంటే కొత్త కస్టమర్లకు ఏమీ వెళ్లదు.

ఊళ్లో ఎవరూ ఉండరు, అందరం ఊరెళ్తున్నాం లాంటి మాటలు రాయకూడదని యజమాని అక్క గట్టిగా చెప్పింది. ఈ జవాబు ముక్కూమొహం తెలియనివాళ్లకూ వెళ్తుంది. పని ఆపామని తెలిస్తే చాలు.

చివరికి నిలిచిన జవాబు పాఠం:

> నమస్తే అండీ, మీ మెయిల్ అందింది. జనవరి 20, మంగళవారం సాయంత్రంలోపు (ఇండియా టైమ్) మేమే చదివి జవాబు రాస్తాం. సంక్రాంతికి 14 నుంచి 18 వరకు పని ఆపాం. ఇది దానంతట అదే వెళ్లే జవాబు.
>
> ఈలోగా:
>
> పార్సిల్ ఎక్కడుందో చూడాలంటే: "స్పీడ్ పోస్ట్ నంబరు" అని మేం పంపిన మెయిల్ తెరిచి, అందులోని నంబరును indiapost.gov.in లో వేయండి.
>
> విరిగి వస్తే: పెట్టె, గరిటె రెండూ కనిపించేలా ఫొటో తీసి ఈ మెయిల్‌కే జవాబుగా పంపండి. పెట్టె పారేయకండి.
>
> ఫిబ్రవరి నెలాఖరులోపు పెళ్లికి కావాలంటే: పెళ్లి తేదీ, ఎన్ని గరిటెలు, పిన్‌కోడ్ shop+pelli@example.com కు రాయండి. రోజూ సాయంత్రం ఆరింటికి చూస్తాం.
>
> ఉదయగిరి నుంచి

*ఇప్పటికి: పని 15 గంటలు. దుకాణం పేరు కాకుండా 76 మాటలు.*

దశ 6: సంక్రాంతి ఐదు రోజులు

భోగి రోజు పొద్దున్నే ఒకావిడ రాశారు: "20 మంగళవారమా, 21 మంగళవారమా?" గుండె ఝల్లుమంది. పాఠం టైపు చేసేటప్పుడు "21, మంగళవారం" అని పడింది. ఐదుసార్లు చదివినా తేదీనీ వారాన్నీ క్యాలెండర్‌తో కలిపి చూడలేదు. వెంటనే దిద్ది సేవ్ చేశాను. అప్పుడు తెలిసింది, జీమెయిల్‌లో పాఠం దిద్దిన ప్రతిసారీ లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. అప్పటికే జవాబు అందుకున్నవాళ్లు ఇంకోసారి రాస్తే వాళ్లకు రెండోసారీ వెళ్తుంది. ఇద్దరికి అలా వెళ్లింది. తేదీ తప్పు కాబట్టి దిద్దడమే సరి. చిన్న అక్షర దోషమైతే ముట్టుకోకుండా వదిలేసేవాణ్ని.

ఆరోజు నుంచి గోడ క్యాలెండర్ ఫొటోను పాఠం పక్కన తెరిచి పెట్టుకుని తేదీలు టైపు చేస్తున్నాను.

ఐదు రోజుల లెక్క:

1. రాసినవాళ్లు 30 మంది, మెయిల్స్ 38.
2. రెండోసారి వచ్చినవి 8. అందులో పెళ్లి అడ్రసుకు 3, విరిగిన గరిటెల ఫొటోలు 2, "ఏమైందండీ" 3.
3. పెళ్లి అడ్రసుకు రాసిన ముగ్గురిలో ఇద్దరివి ఫిబ్రవరి పెళ్లిళ్లు. ఇద్దరికీ ఆ సాయంత్రమే జవాబు రాశాను, ఒక ఆర్డరు ఖాయమైంది. మూడో ఆయన అడిగింది నాలుగు గరిటెలే, తొందర కోసం అక్కడ రాశారు.
4. జవాబులన్నీ రాయడం పూర్తయింది 20, మంగళవారం మధ్యాహ్నం మూడింటికి.

దసరాకూ సంక్రాంతికీ వచ్చే మెయిల్స్ ఒకేలా ఉండవు కాబట్టి 9 నుంచి 3కి తగ్గిందని ఘనంగా చెప్పలేను. కానీ ఆ ఇద్దరి ఫొటోల్లో ఒకదాంట్లో పెట్టె మూల లోపలికి నలిగి ఉంది, ఇంకోదాంట్లో పెట్టె బాగానే ఉండి లోపల కాగితం సగమే ఉంది. మొదటిది రవాణాలో దెబ్బ, రెండోది మా ప్యాకింగ్ లోపం. ప్యాకింగ్ అక్కకు ఆ రెండో ఫొటో చూపించాను. చాలాసేపు చూసి, ఆ పెట్టె సైజుకు కాగితం ఒక ఉండ ఎక్కువ పెట్టడం మొదలుపెట్టింది.

"ఏమైందండీ" అన్న ముగ్గురినీ విడిగా చూశాను. ఇద్దరి పార్సిళ్లు జనవరి 5కి ముందు పంపినవి. వాళ్ల దగ్గర ఉన్నది ఇంకా "థాంక్యూ!" సబ్జెక్టు మెయిలే, మేం చెప్పిన పేరుతో వెతికితే దొరకలేదు. మూడో ఆవిడకు నంబరు దొరికింది, కానీ చివరి IN వదిలేసి 11 అక్షరాలే వేశారు. ఉగాదికి ఆ వాక్యంలో "13 అక్షరాలూ, చివర IN తో సహా" అని చేరుస్తున్నాను. మాటలు ఆరు పెరుగుతాయి. అందుకు బదులు ఏం తీయాలో ఇంకా తేల్చుకోలేదు. "ఈలోగా" మీద కన్నుంది.